అద్దె ఇంట్లో ట్యూషన్: ఓనర్‌ని ఎలా అడగాలి, ఏం రాసివ్వాలి

మొదటి ఇంట్లో నేను ఎవర్నీ అడగలేదు. పక్కింటి ఆవిడ తన కొడుక్కి లెక్కలు చెప్పమంటే సరే అన్నాను. ఒకడు ముగ్గురయ్యారు, దసరా సెలవులు అయ్యేసరికి పదకొండు మంది. ఓనర్ అంకుల్ ఒక్కసారి కూడా ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఒకరోజు ఎవరో పిల్లాడి నాన్న స్కూటర్ గేటుకి అడ్డంగా పెట్టి పైకొచ్చాడు. అదే సమయానికి అంకుల్ కారు బయటికి తీయాల్సి వచ్చింది. ఆ రాత్రే ఇల్లు ఖాళీ చేయమన్నారు. అర్ధ సంవత్సరం పరీక్షల ముందు పదకొండు మంది పిల్లల్ని ఎటూ కాకుండా వదిలేసి, ఇంకో ఇల్లు వెతుక్కున్నాను.

రెండో ఇంట్లో ముందే అడిగాను, రాసిచ్చాను. నాలుగేళ్లయింది, ఇంకా అక్కడే చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఓనర్లు కింద ఉంటూ పై పోర్షన్ అద్దెకిచ్చే మామూలు ఇండిపెండెంట్ ఇల్లు అది. ఎనిమిది మంది పిల్లలు, సాయంత్రం రెండు గంటలు. అంత చిన్న ట్యూషన్‌కి అనుమతి ఎలా అడగాలో ఇక్కడ రాస్తున్నాను. ముప్ఫై మందితో కోచింగ్ సెంటర్ పెట్టాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, వాళ్లు కమర్షియల్ జాగా చూసుకోవాలి. స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం 2009లోని 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. ఓనర్ ఒప్పుకున్నా ఆ చిక్కు అలాగే ఉంటుంది.

ముందు అగ్రిమెంటు తీసి చదవండి

పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు. ఇప్పుడు చదవండి. "నివాసం కోసం మాత్రమే" అనే మాట దాదాపు ప్రతి అగ్రిమెంటులో ఉంటుంది. ఆస్తి బదలాయింపు చట్టం 1882లోని 108వ సెక్షన్ కూడా, ఏ పనికోసం అద్దెకిచ్చారో ఆ పనికి తప్ప వేరేదానికి వాడకూడదనే చెబుతుంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకాస్త స్పష్టంగా ఉంది. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా వేరే పనికి వాడితే ఖాళీ చేయించడానికి అదొక కారణం అవుతుంది. ఆ చట్టం అన్ని ఇళ్లకీ వర్తించదు, ఎక్కువ అద్దె ఉన్న ఇళ్లు దాని బయట ఉంటాయి. కానీ అందులో ఉన్న "రాతపూర్వక" అనే మాటని మీ ఇంటికీ పట్టించుకోండి. అంకుల్ తల ఊపినా, ఆంటీ "చెప్పుకోమ్మా, పిల్లలేగా" అన్నా అది అనుమతి కిందకి రాదు. రేపు వాళ్ల అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి "ఇదేంటి నాన్నా, ఇల్లు స్కూలు చేశారు" అంటే ఆ మాట నిలబడదు.

నలుగురు పిల్లలకి ఇంట్లో చదువు చెప్పడం నివాసపు వాడకం కిందే వస్తుందా, వ్యాపారమా అని వాదించవచ్చు. ఓనర్‌తో మాత్రం ఆ వాదన పెట్టుకోకండి. వాదనలో గెలిచినా అదే మెట్ల మీద రోజూ ఎదురుపడాలి.

అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అయితే ఓనర్ ఒక్కరి మాట సరిపోదు. అసోసియేషన్ బైలాస్‌లో ట్యూషన్ల గురించి ఏముందో ఓనర్ ద్వారానే కనుక్కోండి. మీరు నేరుగా సెక్రటరీని అడిగితే ఓనర్‌కి అది వేరే దారిలో తెలుస్తుంది, అక్కడే చెడుతుంది.

ఓనర్ దేనికి భయపడతారు

నేను అడిగినప్పుడు అంకుల్ మొదట అన్న మాట: "ఇప్పుడు ఎనిమిది మందంటావమ్మా, రేపు ఎంతమంది అవుతారో ఎవరికి తెలుసు?" ట్యూషన్ అంటే వాళ్లకి చెడ్డ అభిప్రాయం ఏమీ లేదు. వాళ్లకున్న బెంగ అది పెరుగుతుందని, పెరిగాక ఆపమని చెప్పలేమని. పిల్లలు, పరీక్షలు అనేసరికి ఆపమన్నవాడే చెడ్డవాడైపోతాడు కదా.

అందుకని "శబ్దం రాదండీ, ఏ ఇబ్బందీ ఉండదండీ" అంటే వాళ్లకి ఊరట రాదు. ప్రతి హామీలో మూడు ఉండాలి. ఒక అంకె ఉండాలి. ఓనర్ తన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునే అది సరిచూసుకోగలగాలి. అది తప్పితే ఏం జరుగుతుందో ముందే రాసి ఉండాలి. "ఎక్కువమంది రారు" అనేది మాట. "8 మందికి మించరు, పేర్ల పట్టిక మీ దగ్గర ఉంటుంది, తొమ్మిదో పిల్లాడు కనిపిస్తే ఆ వారంలోనే మాన్పిస్తాను" అనేది హామీ.

అడిగే ముందు లెక్కలు వేసుకోండి

ముందు గది కొలవండి. మా హాలు 10 అడుగులకి 14 అడుగులు, అంటే 140 చదరపు అడుగులు, సుమారు 13 చదరపు మీటర్లు. కింద కూర్చుని నోట్‌బుక్ తెరిచి రాసే పిల్లకి రెండున్నర అడుగులకి మూడు అడుగుల చోటు కావాలి. ఎనిమిది మందికి 60 చదరపు అడుగులు. మిగతాది బోర్డుకి, నేను మధ్యలో తిరగడానికి, గోడ నుంచి వదిలే దూరానికి. కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకి ఇచ్చిన మార్గదర్శకాలు ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు ఉండాలంటాయి. అవి 50 మందికి పైగా ఉన్న సెంటర్లకి రాసినవి, మనకి వర్తించవు. ఆ లెక్కన చూస్తే మా హాల్లో పదముగ్గురు పడతారు. పడతారని కూర్చోబెట్టకండి. పదముగ్గురైతే అందరూ గోడలకి ఆనుకునే కూర్చుంటారు.

తర్వాత బ్యాచ్‌లు. ఇక్కడ నేను మొదట పొరపాటు లెక్క వేశాను. నాలుగేసి మందితో రెండు బ్యాచ్‌లు పెడితే ఇంట్లో రద్దీ తగ్గుతుంది కదా అనుకున్నాను. గదిలో తగ్గుతుంది, మెట్ల మీద తగ్గదు. మొదటి బ్యాచ్ దిగేటప్పుడే రెండోది ఎక్కుతుంది, ఆ పది నిమిషాలు గేటు దగ్గర సంతే. పైగా కింద ఉన్నవాళ్లకి ట్యూషన్ సాయంత్రమంతా సాగుతున్నట్టు ఉంటుంది. ఒకే బ్యాచ్, 5:30 నుంచి 7:30 అంటే వాళ్లకి గుర్తుంటుంది, టీవీ సీరియల్ టైములాగా.

కరెంటు సంగతి కూడా ముందే చూసుకోండి. ఒక ఫ్యాను 75 వాట్లు, రెండు ఎల్ఈడీ ట్యూబులు 40 వాట్లు, కలిపి 115. రోజుకి రెండు గంటలు, నెలకి 22 రోజులైతే 5 యూనిట్లు. మీ పోర్షన్‌కి సబ్‌మీటరు ఉంటే గొడవే లేదు. లేకపోతే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. కాకపోతే యూనిట్ల కన్నా కేటగిరీ పెద్ద విషయం. ఇంటి కేటగిరీ కనెక్షన్‌ని వాణిజ్య పనికి వాడుతున్నారని డిస్కం తేలిస్తే, విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్కగట్టవచ్చు. ఆ నోటీసు మీ పేరున రాదు, మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లకి వస్తుంది. అందుకే మీ ఏరియా కరెంటు ఆఫీసులో ఏఈని కలిసి, ఇలా ఎనిమిది మందికి ఇంట్లో చెబుతాను, కేటగిరీ మార్చాలా అని ముందే అడగండి. వాళ్లు ఏమన్నారో ఓనర్‌కి చెప్పండి. కేటగిరీ మారినందువల్ల ఖర్చు ఏదైనా వస్తే మీరే కడతామని ఉత్తరంలో ఒక వాక్యం రాయండి. ఇంటి పన్నుకీ అదే వాక్యం సరిపోతుంది. గేటుకి ఫ్లెక్సీ కట్టడం, గోడ మీద "ట్యూషన్లు చెప్పబడును" అని రాయించడం ఎలాగూ వద్దు. బోర్డు పెట్టినరోజే మీ హాలు పదిమంది కళ్లకీ వ్యాపార స్థలం అయిపోతుంది.

ఎప్పుడు, ఎలా అడగాలి

అన్నిటికన్నా మంచి సమయం టూలెట్ బోర్డు చూసి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు, అడ్వాన్స్ ఇవ్వకముందు. కాదంటే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. ఆల్రెడీ ఉంటున్నవాళ్లు కనీసం నాలుగైదు నెలలు అద్దె తేదీ తప్పకుండా ఇచ్చాక అడగండి. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి మే నెలాఖరు సరైన అదను. జూలైలో పిల్లలు ఒప్పుకున్నాక అడిగితే, అడుగుతున్నట్టు ఉండదు, చెబుతున్నట్టు ఉంటుంది.

ఉత్తరం నేరుగా చేతిలో పెట్టకండి. ముందు నోటితో చెప్పి, ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పి, ఒకరోజు తర్వాత కాగితం ఇవ్వండి. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే, అద్దె అంకుల్ తీసుకున్నా సాయంత్రం ఇంట్లో ఉండేది ఆంటీ. చప్పుడు వినేది ఆవిడే, మెట్లు కడిగించేది ఆవిడే. నేను అన్నది ఇంతే: "ఆంటీ, జూన్ నుంచి ఎనిమిది మంది పిల్లలకి సాయంత్రం రెండు గంటలు లెక్కలు చెబుదామనుకుంటున్నాను. మీరు సరేనంటేనే పిల్లలకి చెబుతాను. మీకు ఇబ్బంది లేకుండా ఏం చేస్తానో రాసి రేపు ఇస్తాను. చూసి, ఏం మార్చాలో చెప్పండి." ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకోనిది: "మరి బాత్రూమ్?" సమాధానం లేక తడబడ్డాను. అది కూడా ఉత్తరంలో చేరింది.

ఉత్తరం

నేను ఇచ్చిన ఉత్తరం దాదాపు యథాతథంగా ఇది. మీ ఇంటిని బట్టి అంకెలు మార్చుకోండి, హామీలు మాత్రం మీరు నిలబెట్టుకోగలిగినంతే రాయండి.

> గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి,
>
> మీ ఇంటి మొదటి అంతస్తు పోర్షన్‌లో జనవరి నుంచి అద్దెకు ఉంటున్నాను. జూన్ 15 నుంచి మార్చి 31 వరకు మా హాల్లో 6 నుంచి 10వ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను.
>
> పిల్లలు 8 మందికి మించరు. వాళ్ల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లతో పట్టిక మీకు ఇస్తాను, ఎవరు మారినా కొత్త పట్టిక ఇస్తాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం 5:30 నుంచి 7:30 వరకే తరగతి. శని, ఆదివారాలు, పండుగలు, మీ ఇంట్లో శుభకార్యం ఉన్న రోజులు సెలవు. ముందురోజు చెబితే చాలు.
>
> శబ్దం: పిల్లలు చాపల మీద కూర్చుంటారు, కుర్చీలు, బెంచీలు వేయను. మైకు, స్పీకరు వాడను. గట్టిగా చదివించడం, ఎక్కాలు అప్పజెప్పించడం ఉండదు. వీధి వైపు కిటికీ, మెట్ల వైపు తలుపు తరగతి జరిగేటప్పుడు మూసి ఉంటాయి.
>
> రాకపోకలు: పిల్లలు 5:25 కన్నా ముందు గేటు లోపలికి రారు. తల్లిదండ్రులు పైకి రారు, బండ్లు మీ గేటు ముందు ఆపరు, హారన్ కొట్టరు. సైకిళ్లు ప్రహరీ లోపల వేపచెట్టు పక్కన మాత్రమే పెడతారు, నాలుగు సైకిళ్లకు మించవు. చెప్పులు మా గుమ్మం లోపల ఉంటాయి, మెట్ల మీద ఉండవు. 7:40కి గేటు గడియ నేనే వేస్తాను.
>
> ఇంటి వాడకం: గోడలకు మేకులు కొట్టను, బోర్డు స్టాండు మీద ఉంటుంది. సుద్ద వాడను. పిల్లలు గోడకు అడుగు దూరంలో కూర్చుంటారు. మా పోర్షన్ బాత్రూమ్ మాత్రమే వాడతారు, కింద కుళాయి, మోటారు ముట్టుకోరు. మెట్లు, గేటు ముందు ప్రతి శనివారం నేను శుభ్రం చేయిస్తాను. తరగతి మొదలయ్యే ముందు హాలు, బాత్రూమ్, మెట్ల ఫొటోలు ఇద్దరం చూసి ఉంచుకుందాం. మామూలు వాడకాన్ని మించి ఏది పాడైనా 15 రోజుల్లో నా ఖర్చుతో బాగు చేయిస్తాను. ట్యూషన్ కారణంగా కరెంటు కేటగిరీ, ఇంటి పన్ను ఏమైనా పెరిగితే ఆ తేడా నేనే కడతాను.
>
> ముందు రెండు నెలలు చూడండి. ఆ రెండు నెలల్లో మీకు వద్దనిపిస్తే 15 రోజుల గడువుతో ఆపేస్తాను. ఆ తర్వాత అయితే 30 రోజుల గడువు ఇవ్వమని కోరుతున్నాను. 10వ తరగతి పరీక్షల దృష్ట్యా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం ఆపమనకుండా సహకరించగలరు. ఈ అనుమతి ట్యూషన్‌కే పరిమితం. మన అద్దె అగ్రిమెంటులోని మిగతా షరతులన్నీ అలాగే ఉంటాయి.
>
> ఇట్లు, అద్దెదారు సంతకం, తేదీ
>
> పై షరతులతో అంగీకరించాను. యజమాని సంతకం, తేదీ

ఇందులో ఎక్కువ పనిచేసింది ఆపే గడువు గురించి రాసిన నాలుగు వాక్యాలు. కావాలంటే ఆపమనవచ్చని తెలిశాక అంకుల్ మొహంలో తేడా కనిపించింది. నాలుగేళ్లలో ఆయన దాన్ని ఒక్కసారీ వాడలేదు. ఫిబ్రవరి, మార్చి మినహాయింపు మాత్రం నాకోసం రాసుకున్నది. మొదటి ఇంటి అనుభవం తర్వాత అది లేకుండా టెన్త్ పిల్లల్ని తీసుకోకూడదనుకున్నాను.

రెండు కాపీలు తీసి రెండింటి మీదా ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఒకటి అద్దె అగ్రిమెంటుకి జతచేసి ఉంచుకోండి. పదకొండు నెలలకి అగ్రిమెంటు మార్చి రాసుకున్నప్పుడు ఈ అనుమతి కూడా కొనసాగుతుందని కొత్తదాంట్లో ఒక వాక్యం రాయించండి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. కొత్త అగ్రిమెంటులో మళ్లీ "నివాసం కోసం మాత్రమే" అని ఉంటుంది, పాత ఉత్తరం పనికిరాకుండా పోతుంది.

బేరం

అంకుల్ ఉత్తరం చదివి, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నీకు ఆదాయం వస్తోంది కదమ్మా, అద్దె రెండు వేలు పెంచుదాం" అన్నారు. మా అద్దె అప్పుడు 13,500, అడ్వాన్స్ రెండు నెలలది, 27,000. ఎనిమిది మంది 900 చొప్పున నాకు వచ్చేది 7,200. అందులో రెండు వేలు పోతే కష్టమే. అదీ కాక అద్దె ఒకసారి పెరిగితే ట్యూషన్ మానేసినా తగ్గదు.

నేను ఇలా అడిగాను: "అంకుల్, మీ బెంగ ఇల్లు పాడవుతుందనా, నీళ్ల ఖర్చు అనా?" రెండూ అన్నారు. నీళ్లకీ మెట్లకీ నెలకి 500 ఇస్తానన్నాను, ట్యూషన్ జరిగే నెలల్లో మాత్రమే. ఇల్లు పాడవుతుందనే దానికి అడ్వాన్స్ ఇంకో 6,000 పెంచుతానన్నాను. ఆ డబ్బు ఆయన దగ్గర ఉంటుంది, పాడవకపోతే నాకు తిరిగి వస్తుంది. ఆయనకి కావాల్సింది భరోసా కాబట్టి అద్దె కన్నా డిపాజిట్టే దానికి సరైన జవాబు. ఒప్పుకున్నారు. ఈ రెండు అంకెలూ ఉత్తరం అడుగున రాసి ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం.

ఇక్కడే ఇంకోటి తేల్చుకోండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో మామూలే. ట్యూషన్ వల్ల హాలు గోడ పాడైందని మళ్లీ విడిగా డబ్బు పట్టుకుంటే ఒకే గోడకి రెండుసార్లు కట్టినట్టు. "పెయింటింగ్ కింద నెల అద్దె తీసుకుంటే గోడలకి వేరే ఏమీ తీసుకోరు, డిపాజిట్‌లోంచి కోత బాత్రూమ్ సామాను, స్విచ్‌లు, తలుపుల వరకే" అని రాయించుకున్నాను. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల అద్దెదారు మీద పడదని 108వ సెక్షన్‌లో ఉంది. కానీ ఏది మామూలు, ఏది కాదు అనే గొడవ ఫొటోలు లేకపోతే తేలదు. తేదీ పడేలా ఫొటోలు తీసి, వాట్సాప్‌లో ఓనర్‌కి పంపి, "చూశాను" అన్నమాట రప్పించుకోండి. హాలు నాలుగు గోడలు, స్విచ్‌బోర్డులు, బాత్రూమ్ కుళాయి, ఫ్లష్ ట్యాంకు, గుమ్మం, మెట్ల రెయిలింగ్, గేటు గడియ చాలు.

హామీలు నిలబెట్టుకోవడం

మొదటి వారమే ఒక పని చేయండి. తరగతి జరుగుతుండగా ఇంట్లో ఎవరినైనా ఓనర్ వాళ్ల హాలు దగ్గరికి పంపి వినమనండి. నేను మా వారిని పంపాను. నా గొంతు వినపడలేదు. వినపడింది పిల్లలు స్టీలు బాటిళ్లు నేల మీద పెట్టే చప్పుడు, కంపాస్ బాక్సులు పడే చప్పుడు. టైల్స్ మీద పడ్డది కింది ఇంటి స్లాబులోంచి నేరుగా దిగుతుంది, మాట్లాడేది అంతగా దిగదు. మర్నాడు చాపల కింద జంపఖానా పరిచాను, బాటిళ్లు గుమ్మం దగ్గర పీట మీద పెట్టించాను. ఆంటీ ఆ తర్వాత "ఇవాళ ట్యూషన్ లేదా" అని రెండుసార్లు అడిగారు.

కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదు, పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఆ అంకె ఓనర్‌కి చెప్పి లాభం లేదు. మేము 50లోనే ఉన్నాం అని ఫోన్‌లో కొలిచి చూపిస్తే, తలనొప్పితో పడుకున్న ఆవిడకి ఇంకా కోపం వస్తుంది.

తల్లిదండ్రుల విషయంలో తేలిక దారి, వాళ్లు రావాల్సిన కారణాలే లేకుండా చేయడం. ఫీజు యూపీఐలో తీసుకుంటాను, చేతికి తీసుకోను. మాట్లాడాలంటే ఆదివారం ఉదయం 10 నుంచి 11 ఫోన్‌లో. వాన వచ్చినప్పుడు మాత్రం ఈ ఏర్పాటు చెదిరిపోతుంది. 7:30కి ఎనిమిది బండ్లూ గేటు ముందే. అందుకని వాన పడితే పిల్లలు పైనే ఉంటారు. వీధి చివర కిరాణా షాపు దగ్గర ఆగి ఫోన్ చేస్తే ఒక్కొక్కర్నే గొడుగిచ్చి పంపుతాను. ఈ మాట జూన్‌లోనే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మొదటి వానకి ఇద్దరు పాటించలేదు, రెండో వానకి అందరూ పాటించారు.

ముందుగా వచ్చేసే పిల్లలది వేరే తలనొప్పి. ఐదింటికే వచ్చి మెట్ల మీద కూర్చుని కబుర్లు చెబుతారు. ఓనర్ దృష్టిలో ఆ అరగంట కూడా ట్యూషన్ టైమే. అలాంటి పిల్లల అమ్మలకి ఫోన్ చేసి ఐదూ ఇరవైకి ఇంట్లోంచి బయల్దేరదీయమనండి. మార్పు లేకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇవ్వండి. కఠినంగానే ఉంటుంది, కానీ ఒక్కడి వల్ల మిగతా ఏడుగురి చదువు ఆగకూడదు.

గోడ విషయంలో అడుగు దూరం అన్నది రాసినంత తేలిక కాదు. గంట గడిచేసరికి పిల్లలు వెనక్కి జరుగుతారు, నూనె రాసుకున్న తలలు గోడకి ఆనతాయి. కూర్చున్న పిల్లల తల ఎత్తులో, నేల నుంచి రెండున్నర అడుగుల దగ్గర, మూడు నెలల్లో గోధుమరంగు పట్టీ పడుతుంది. ఉన్న మేకులకే తాడు కట్టి పాత దుప్పటి ఒకటి ఆ ఎత్తున వేలాడదీశాను. శనివారం ఉతుకుతాను. స్విచ్‌బోర్డు కూడా చూసుకోండి. పిల్లలు ఫ్యాను వేయడానికి పోటీపడి రెగ్యులేటర్ నాబ్ ఊడదీస్తారు. స్విచ్ నేను తప్ప ఎవరూ ముట్టకూడదన్నది మా తరగతి మొదటి రూలు.

చెడుతోందని ఎలా తెలుస్తుంది

ఓనర్లు సూటిగా చెప్పరు. మెట్ల లైటు 7:30కే ఆరిపోతుంది. "ఇంకా ఎన్నాళ్లమ్మా పరీక్షలు?" అని అడుగుతారు. అద్దె ఇవ్వడానికి వెళితే కూర్చోమనరు. మా ఇంట్లో అది రెండో ఏడు నవంబరులో వచ్చింది. టెన్త్ పిల్లలకి ఎనిమిదిన్నర దాకా చెప్పడం మొదలుపెట్టాను, ఉత్తరంలో లేని గంట అది. నాలుగు రోజులకే ఆంటీ మాట్లాడటం తగ్గించారు. వెళ్లి నేనే అన్నాను: "ఆంటీ, నేను రాసిచ్చిన టైము దాటుతున్నాను, తప్పే. జనవరి నుంచి మార్చి దాకా ముగ్గురు టెన్త్ పిల్లలకి మాత్రం ఎనిమిదిన్నర వరకు చెప్పుకోనివ్వండి, అప్పటిదాకా ఏడున్నరకే ఆపేస్తాను." ఒప్పుకున్నారు, ఉత్తరం వెనక రాసి సంతకం చేశారు. నేను వెళ్లకుండా ఆవిడే వచ్చి అడిగి ఉంటే ఆ ముగ్గురికీ గంట దొరికేది కాదు.

తొమ్మిదో పిల్లాడు తప్పకుండా వస్తాడు. ఉన్నవాళ్ల తమ్ముడో, పక్కింటి వాళ్ల సిఫారసో. "ఒక్కడేగా" అనిపిస్తుంది. వాడి పేరు వెయిటింగ్ లిస్టులో రాసుకోండి. నిజంగా పెంచాలనుకుంటే ఏడాది చివర, కొత్త అగ్రిమెంటు రాసేటప్పుడు, కొత్త అంకెతో మళ్లీ అడగండి. నేను మూడో ఏడు పదికి అడిగాను, అంకుల్ వద్దన్నారు. ఎనిమిది దగ్గరే ఉన్నాను.

ఓనర్ మొదట్లోనే కాదంటే బతిమాలకండి. ఎందుకు వద్దంటున్నారో ఒక్కసారి అడగండి. మెట్లు, గేటు కారణమైతే నలుగురితో, వారానికి మూడు రోజులతో అడిగి చూడొచ్చు. "ఇంట్లో వ్యాపారం వద్దు" అన్నదే కారణమైతే అక్కడితో వదిలేసి, పిల్లల ఇళ్లకే వెళ్లి చెప్పండి. ఒక ఇంట్లో ముగ్గురు నలుగుర్ని కలిపి కూర్చోబెట్టమంటే వాళ్ల తల్లిదండ్రులు మామూలుగా ఒప్పుకుంటారు. అలా చెప్పే ఇల్లు కూడా అద్దెదైతే, వాళ్ల ఓనర్‌కి చెప్పారో లేదో కనుక్కుని వెళ్లండి.